పన్నెండో తారీఖు ఎదురుగా ఉన్న అంకె

బిల్లు పంపిన నాలుగో రోజు పొద్దున, కూరగాయలు తరుగుతూ కోడలు అత్తగారిని మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలే ఆమె కొంప ముంచింది.

ఆమె చేసేది డిజైనింగు పని. ఎవరి దగ్గరా జీతానికి చేయదు. ముందుగదిలో కిటికీ పక్కన ఒక బల్ల, బల్ల మీద కంప్యూటరు, దాని పక్కన పాత ప్రింటరు. అదే ఆఫీసు, అదే కార్ఖానా. పెళ్ళి పత్రికల నుంచి మందుల డబ్బాల దాకా ఎవరు ఏది అడిగితే అది చేసి పెట్టి, నెలాఖరుకి బిల్లు పంపుతుంది. ఈ ఏడు ఆమెకి దొరికిన పెద్ద పని తలుపుల సామాను కంపెనీ వాళ్ళ కేటలాగు. తొంభై ఆరు పేజీల నిండా మడతబందులు, గడియలు, గొళ్ళాలు, పిడులు. ఆ కంపెనీ యజమాని చొక్కా జేబులో ఎప్పుడూ ఆరంగుళాల ఉక్కు స్కేలు ఉంటుంది. పేజీ చేతికివ్వగానే ముందు అంచులు కొలిచి, తర్వాత బొమ్మ చూస్తాడు. అందుకని ఇంట్లో ఆయన పేరు కొలబద్ద.

కొలబద్ద దగ్గర ఇంకో పని కూడా సిద్ధంగా ఉంది. ఏడాది పొడుగునా వచ్చే అట్టపెట్టెలు, ధరల పట్టికలు, వచ్చే ఏటి కేటలాగు, అన్నీ ఒక్కరికే ఇవ్వాలని ఆయన అనుకుంటున్నాడు. ఎవరికన్నది ఈ వారంలో తేలుస్తానన్నాడు. అంతకు ముందు ఆయన దగ్గర చేసిన డిజైనరు బిల్లులో ఏదో తేడా చేశాడని, అడిగితే తలా తోకా లేని మాటలు చెప్పాడని, ఆ రోజుతో అతనికి గేటు మూసేశారని కంపెనీలో పద్దులు చూసే అకౌంటెంటు మేడమ్ ఒకసారి మాటల్లో ఆమె చెవిన వేసింది. ఆ మాట ఆమె మరిచిపోలేదు. ఏడాది పని చేతికొస్తే నెల నెలా ఎవరు పిలుస్తారా అని ఫోను వంక చూసే బాధ తప్పుతుంది. వారం రోజులుగా ఆమె అన్నం తింటున్నా ఆ ఆలోచనే, బట్టలు ఆరేస్తున్నా ఆ ఆలోచనే.

ఆ పొద్దున ఆమె అన్న మాట ఇది. "మీరు పుస్తకంలో రాయబట్టి సరిపోయింది అత్తయ్యా. ఆ పన్నెండో తారీఖున నేను ఏడు గంటలు కూర్చున్నానని నాకసలు గుర్తే లేదు. మీరు లేకపోతే ఆ డబ్బు గాలికే."

అత్తగారు వంకాయ మీద కత్తి ఆపింది. "పన్నెండో తారీఖా? ఆ రోజు నా పన్ను పీకించుకొచ్చాం కదే అమ్మాయ్. పదకొండింటికల్లా ఇంటికి తాళం వేశాం. ఏడు గంటలు ఎక్కడ కూర్చున్నావ్, ఆ డాక్టరు కుర్చీలోనా?"

కోడలు చేతిలో కూర పళ్ళెంలో పడేసి లేచింది.

ఆ ఇంట్లో గంటల లెక్క సంగతి కాస్త చెప్పాలి. కోడలు కంప్యూటరు ముందు కూర్చుంటే టైము తెలియదు. ఎప్పుడు మొదలుపెట్టిందో, ఎప్పుడు లేచిందో అడిగితే అయోమయంగా చూస్తుంది. అందుకని ఏడాదిన్నర కిందట ఆ పని అత్తగారు నెత్తికెత్తుకుంది. కోడలు ఎవరి పని తెరిస్తే వాళ్ళ పేరు గట్టిగా చెబుతుంది, "గొళ్ళాలు" అనో "మందుల డబ్బా" అనో. ఆవిడ గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని గోడ గడియారం చూసుకుంటుంది. మధ్యలో అన్నానికి లేచినా, కూరలవాడితో బేరం ఆడినా, ఫోనులో చెల్లెలితో మాట్లాడినా అదంతా తీసేస్తుంది. సాయంత్రం పుస్తకంలో తారీఖు ఎదురుగా గంటకొక గీత పెడుతుంది. గీతలే ఎందుకంటే ఆవిడ చిన్నప్పుడు బడి మొహం చూడలేదు. తారీఖులు కోడలే ముందుగా వేసి ఉంచేది. కానీ ఈ నెలలో ఆవిడ గీతలు మానేసి అంకెలు వేయడం మొదలుపెట్టింది. ఎవరూ నేర్పలేదు. ఎదురుగా గడియారం ఉంది, అందులో పన్నెండు దాకా అంకెలున్నాయి. రోజంతా దాన్నే చూస్తూ, చూసినవి చూసినట్టు దించుకుంది.

ఆ గడియారం అంకెలు అందంగా ఉన్నాయని కోడలే ముచ్చటపడి కొనుక్కొచ్చింది. అందులో ఒకటి అంకెకి నెత్తిన పొడుగాటి టోపీ ఉంటుంది, ఎడమ పక్కకి బాగా దిగి.

చేతులు కడుక్కోకుండానే ఆమె ముందుగదిలోకి పరిగెత్తింది. పుస్తకం తెరిచింది. గొళ్ళాల సవరణలకి కూర్చున్నవి నాలుగు రోజులు. మూడు, రెండు, ఆ తర్వాత పన్నెండో తారీఖు, దాని కింద అయిదు. పన్నెండో తారీఖు ఎదురుగా ఉన్నది ఏడులాగే ఉంది. మళ్ళీ చూస్తే గడియారంలో ఒకటిలా ఉంది. పుస్తకం పట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళి పక్కపక్కన పెట్టి చూసింది. టోపీ, వంపు, పాదం కింద చిన్న గీత, ఒక్కటీ తప్పకుండా అచ్చు దించింది మహాతల్లి. ఆ నెలలో ఏడు గంటలు కూర్చున్న రోజు ఇంకేదీ లేదు కాబట్టి పోల్చి చూసుకోవడానికి ఆవిడ రాసిన ఏడు ఎక్కడా లేదు.

అయినా నమ్మకం చాలక కంప్యూటరు తెరిచింది. సవరణ చేసినప్పుడల్లా ఫైలుని కొత్త పేరుతో దాచుకోవడం ఆమె అలవాటు. పన్నెండో తారీఖున మొదటిది దాచింది పదీ పదికి, ఆఖరిది పదకొండుకి రెండు నిమిషాలు తక్కువలో. అంతే. ఇంకేం లేదు.

లెక్క చేయడానికి ఆమెకి కాగితం అవసరం లేకపోయింది. కేటలాగు పేజీకి ఇంతని, రెండుసార్లు సవరణలు అందులోనే కలిపి, మూడోసారి నుంచి గంటకి ఆరు వందలని ముందే రాసుకున్న ఒప్పందం. తొంభై ఆరు పేజీలకి నలభై మూడు వేల రెండు వందలు. నూట నలభై ఫొటోలు శుభ్రం చేసినందుకు అయిదు వేల ఆరు వందలు. అదనపు సవరణలకి పదిహేడు గంటలని వేసింది, పది వేల రెండు వందలు. మొత్తం యాభై తొమ్మిది వేలు. ఉండాల్సింది పదకొండు గంటలు. అంటే మూడు వేల ఆరు వందలు ఎక్కువ వేసి పంపింది, అదీ అంచు వెంట్రుకవాసి జరిగినా ఊరుకోని మనిషికి.

ఆ పూట ఆమె కాలు ఒక చోట నిలవలేదు. వంటింట్లోకి వెళ్ళి ఎందుకొచ్చిందో మరిచిపోయి తిరిగొచ్చేది. కుర్చీలో కూర్చుని లేచేది. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. అత్తగారు గుడ్డ తెచ్చి తుడిచింది.

మధ్యాహ్నం భర్త అన్నానికి వచ్చాడు. బస్సు డిపోలో మెకానిక్కు. అన్నం కలుపుతూ సంగతంతా విని, ఇందులో అంత కంగారు పడాల్సింది ఏముందన్నాడు. వాళ్ళు కనుక్కోలేదు కదా, వచ్చే బిల్లులో ఆరు గంటలు తగ్గించి వేస్తే చెల్లుకు చెల్లు, ఎవరి సొమ్మూ ఎవరూ తినలేదు అని తేల్చేశాడు.

"వచ్చే బిల్లంటూ ఉంటే కదండీ. తప్పు జరిగిందని ఇప్పుడే రాసేస్తే నయం" అంది ఆమె.

"ఇప్పుడు ఉత్తరం రాస్తే మాత్రం ఉంటుందా? ఆ ముందువాడికి గేటు మూసింది ఎందుకు? నువ్వే వెళ్ళి తాళం చేతికిస్తానంటున్నావ్."

అతను చెప్పినది తప్పని ఆమెకి అనిపించలేదు. ఎవరూ చూడకపోతే పని వస్తుంది. ఎవరైనా చూస్తే? రేపో, మూడు నెలలకో, ఎప్పుడో ఒకప్పుడు ఆ సవరణ కాగితాలు ముందేసుకుని ఆయన స్కేలు తీస్తే? అప్పుడు ఆమె ఏం చెప్పినా అది ఆ ముందువాడి మాటలాగే ఉంటుంది. భర్త చేయి కడుక్కుని వెళ్ళిపోయాడు. ఆమె గదిలో ఈ మూల నుంచి ఆ మూలకి ఓ పదిసార్లు నడిచి, చివరికి అకౌంటెంటు మేడమ్‌కి ఫోను చేసింది. బిల్లు ఎంతవరకు వచ్చిందని మాత్రం అడుగుదామనుకుంది. అవతల గొంతు వినగానే అంతా చెప్పేసింది.

మేడమ్ నిట్టూర్చింది. బిల్లు పుస్తకంలోకి ఎక్కిపోయిందట. చెల్లింపు కాగితం సంతకానికి పైకి వెళ్ళిందట. రేపు డబ్బు పడాలట. "పాత బిల్లు దిద్ది మళ్ళీ అదే నంబరుతో పంపకండి తల్లీ, నా ప్రాణం తీస్తారు. ఆ బిల్లు అలాగే ఉంటుంది. తేడా సొమ్ము తగ్గించుకోమని ఆ నంబరు రాసి ఒక క్రెడిట్ నోట్ ఇవ్వండి. దాంతో పాటు ఎందుకో చెబుతూ ఉత్తరం ఒకటి. నాలుగింటిలోపు వస్తే పైనున్న కాగితం వెనక్కి తెప్పించి సరైన మొత్తానికి మారుస్తాను."

"సార్ ఏమంటారు మేడమ్?"

"ఆయన ఏమంటారో నేనెలా చెప్పను? ఉత్తరం మాత్రం ఆయనకే రాయండి. నాకు రాస్తే ఏదో దాస్తున్నామనుకుంటారు."

అప్పటికి రెండున్నర. క్రెడిట్ నోట్ చేయడం పది నిమిషాల పని. ఉత్తరం దగ్గరే చేతులు ఆడలేదు. మొదట రాసింది ఒకటిన్నర పేజీ అయింది. అందులో నాలుగుసార్లు క్షమించమంది, పని ఎంత శ్రద్ధగా చేసిందో చెప్పుకుంది. చదువుకుంటే తనకే జాలేసింది. అది తుడిచేసింది. రెండోసారి రెండు ముక్కల్లో రాసింది, కొన్ని కారణాల వల్ల మొత్తం మారింది, గమనించగలరు అని. ఏ కారణాలని మొదటి ప్రశ్నే వస్తుంది. అదీ తుడిచేసింది. మూడోసారి కారణం రాసింది. మా ఇంట్లో పెద్దావిడ ఈ మధ్యనే అంకెలు నేర్చుకున్నారు, ఆవిడ చేతిరాత వల్ల పొరపాటు జరిగింది అని.

ఆ ముక్క బాగానే ఉందనిపించింది. జాలిగా ఉంది, నిజంగా ఉంది, తన మీదికి కూడా పెద్దగా రాదు.

గుమ్మం దగ్గర కుర్చీలోంచి అత్తగారు అడిగింది, ఏం రాశావో చదవమని. కోడలు నసిగింది. ఆవిడ మళ్ళీ అడిగింది. చదవక తప్పలేదు.

విన్న తర్వాత ఆవిడ చీర కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. కోపం లేదు. "నేను ఒకటే రాశాను. ఒకటి అనే రాశాను. ఏడని చదివింది నువ్వు. ఆ రోజు సాయంత్రం నన్ను ఒక్క మాట అడిగితే చెప్పేదాన్ని కదా." కొంగు వదిలేసి, "పోన్లే, నా పేరు చెబితే నీ పని నిలబడుతుందంటే అలాగే ఉంచు. నాకేం, నేనెవరో ఆయనకి తెలుసా" అంది.

గీతలున్న రోజుల్లో నెలాఖరున ఇద్దరూ పక్కన కూర్చుని లెక్కపెట్టేవాళ్ళు. అంకెలు రాగానే ఆ కూర్చోవడం మానేసింది కోడలే. అంకెలంటే తనకు తెలిసినవే కదా, ఇంకెవరినీ అడగక్కర్లేదనుకుంది. అక్షరాల ఒంపులతో బతుకుతున్న మనిషి ఒక్క ఒంపు చూసుకోలేకపోయింది. మూడో ఉత్తరం కూడా తుడిచేసి, గడియారం వంక చూడకుండా నాలుగోది రాసింది.

"అయ్యా,

మా బిల్లు నంబరు 38లో మొత్తం 59,000 అని వేశాను. అది తప్పు. సరైన మొత్తం 55,400.

తేడా ఒక్క పద్దులోనే ఉంది. అదనపు సవరణలకి 17 గంటలని వేశాను. సరైనవి 11 గంటలు. పన్నెండో తారీఖు ఎదురుగా మా గంటల పుస్తకంలో 1 అని ఉండగా నేను 7 అని చదివాను. పుస్తకంలో రాసింది సరిగ్గానే ఉంది, పొరపాటు చదివిన నాది. ఆరు గంటలకి గంటకి 600 చొప్పున 3,600 తగ్గాలి. పేజీల లెక్కలోనూ ఫొటోల లెక్కలోనూ మార్పు లేదు, అవి మళ్ళీ సరిచూశాను.

ఆ 3,600కి బిల్లు నంబరు 38 మీద క్రెడిట్ నోట్ దీనితో పంపుతున్నాను. దయచేసి 55,400 మాత్రమే చెల్లించండి. 59,000 ఇప్పటికే చెల్లించి ఉంటే ఆ 3,600 వెంటనే తిరిగి పంపుతాను. గంటల పుస్తకం, ఆ రోజుల్లో పని దాచిన సమయాలు మీరు ఎప్పుడు అడిగినా చూపిస్తాను.

మీ అకౌంటు విభాగానికి కలిగించిన అదనపు శ్రమకి విచారిస్తున్నాను."

అత్తగారికి చదివి వినిపించి, మూడూ నలభైకి పంపేసింది. ఆ తర్వాత సాయంత్రం దాకా ఎన్నిసార్లు మెయిలు తెరిచి చూసిందో లెక్కలేదు. జవాబు రాలేదు. మర్నాడు తొమ్మిదింటికి వచ్చింది, ఒక్క వాక్యం. గంటల పుస్తకం తీసుకుని పదకొండు గంటలకి రావలెను.

ఆమె చీర మార్చుకుని వచ్చేసరికి అత్తగారు చెప్పులేసుకుని గుమ్మంలో ఉంది. మీరెందుకన్నా వినలేదు. పుస్తకం తీసుకురమ్మన్నారు కదా, పుస్తకం నాది అంది.

కంపెనీ ఆఫీసు కార్ఖానా పైన రెండో అంతస్తులో ఉంది. కింద ఇనుము కోసే చప్పుడు బల్లల కాళ్ళల్లోంచి పైకి వస్తుంది. అకౌంటెంటు మేడమ్ కళ్ళతోనే లోపలికి వెళ్ళమంది, ఆ ముఖంలో మంచీ చెడూ ఏమీ తెలియలేదు. లోపల కొలబద్ద బల్ల మీద బిల్లు, క్రెడిట్ నోట్, ఉత్తరం వరసగా పెట్టి ఉన్నాయి, అంచులు సమంగా. వెంట వచ్చిన పెద్దావిడ ఎవరో చెబితే కూర్చోమన్నాడు. పుస్తకం తీసుకుని పన్నెండో తారీఖు కింద స్కేలు ఆనించి చాలాసేపు చూశాడు.

"నేనైనా ఏడనే చదువుతాను" అన్నాడు.

కోడలికి కాస్త ఊపిరాడింది. అంతలోనే ఆయన స్కేలు కిందికి జరిపాడు.

"మరి ఈ మూడు మూడేనని, ఈ అయిదు అయిదేనని నేనెలా నమ్మాలమ్మా?"

దానికి సిద్ధపడే వచ్చింది. ఆ నాలుగు రోజుల్లో పని దాచిన సమయాలు అచ్చు వేసి తెచ్చిన కాగితం ముందు పెట్టింది. ఆయన ఒక్కో వరసా చూసుకుంటూ వెళ్ళాడు. అయిదు దగ్గర ఆగాడు. తొమ్మిదిన్నరకి మొదలై మూడింటికి అయింది కదా, అంటే అయిదున్నర గంటలు కదా అన్నాడు. కోడలు తడబడింది. అది ఆమె చూసుకోలేదు.

"తను అన్నానికి లేచింది" అంది అత్తగారు, ఆయన్ని కాకుండా పుస్తకాన్ని చూస్తూ. "అరగంట. తినేదానికి మీరెందుకు ఇస్తారు బాబూ? తీసేశాను."

కొలబద్ద తలెత్తి మొదటిసారి ఆవిడని చూశాడు. నవ్వలేదు. కాగితాలన్నీ ఒక దగ్గరికి చేర్చి, వాటి అంచులు బల్ల మీద తట్టి సరిచేశాడు.

ఈ బిల్లుతో ఆయనకి పేచీ లేదట. సరైన మొత్తం ఈ రోజే పడుతుందట. కానీ ఏడాది పని సంగతి వేరు. ఈ గంటలూ, ఈ పుస్తకాలూ తనకి వద్దన్నాడు. పేజీకి ఇంతని ఒక్క రేటు మాట్లాడుకుందాం, సవరణలు ఎన్నిసార్లైనా అందులోనే. అప్పుడు ఎవరూ ఏదీ తప్పు చదివే పనే ఉండదు. ఆయన చెప్పిన రేటు ఇప్పటి దానికంటే కొంచెం ఎక్కువే.

వారం రోజులుగా ఆమె ఎదురుచూసిన మాట అది. సరే అనడానికి నోరు తెరిచింది. సవరణలు ఎన్నిసార్లైనా అన్న ముక్క అడ్డం పడింది. ఈ ఒక్క కేటలాగుకే ఆయన పేజీలు అయిదుసార్లు వెనక్కి పంపాడు. ఒక గొళ్ళం బొమ్మని రెండు మిల్లీమీటర్లు పైకి, మళ్ళీ ఒక మిల్లీమీటరు కిందికి. అవన్నీ ఉచితమని తెలిస్తే ఆ స్కేలు ఇక జేబులోకి వెళ్ళదు.

"కుదరదు సార్" అంది. "రెండుసార్ల దాకా పేజీలోనే. మూడోసారి నుంచి గంటలే. ప్రతి బిల్లుతో పాటు ఏ రోజు ఎన్ని గంటలో, ఏ పేజీలకో వేరే కాగితం పెడతాను. అంకె పక్కన అక్షరాల్లో కూడా రాస్తాను. ఒప్పందం ఇలా అయితేనే చేయగలను."

కింద రంపం చప్పుడు ఆగి మళ్ళీ మొదలైంది. ఆయన మేడమ్‌ని పిలిచాడు. ఆ కాగితం వస్తే నీకు పని పెరుగుతుందా తగ్గుతుందా అని అడిగాడు. సరిచూసుకోవడానికి ఏదో ఒకటి చేతిలో ఉంటుంది కదా సార్ అంది మేడమ్. ఇప్పుడైతే బిల్లు పంపినవాళ్ళు ఎంతంటే అంతేనంది.

"మూడు నెలలు చూద్దాం" అన్నాడు కొలబద్ద. "ఏడాది కాదు. మూడు నెలల్లో ఒక్క బిల్లు వెనక్కి వచ్చినా ఇంక మాట్లాడుకోవడాలు లేవు. రేపటి నుంచి అట్టపెట్టెలు మొదలుపెట్టండి."

మెట్లు దిగుతుంటే ఆమెకి ఆనందించాలో ఏడవాలో తెలియలేదు. అడిగింది ఏడాది, దొరికింది అందులో నాలుగో వంతు. అదీ మెడ మీద కత్తి పెట్టుకుని. సరేనని ఉంటే ఏడాదీ వచ్చేది కదా అని ఒక మనసు, బతికిపోయావులే అని ఇంకో మనసు. రెండూ వినపడకుండా ఉండాలని కాబోలు, గేటు దాటి రోడ్డు మీదికి రాగానే గబగబా నడక మొదలుపెట్టింది.

"మూడు నెలలంటే తొంభై రోజులు" అంది వెనక నుంచి అత్తగారు, ఆయాసపడుతూ. "అవన్నీ ఇవాళే నడిచేస్తావా ఏంటి? కాస్త ఆగు, నేనూ వస్తున్నాను."

ఆమె ఆగింది. ఆవిడ వచ్చి చెయ్యి పట్టుకునేదాకా ఆగి, అట్టపెట్టెలు మొత్తం ఎన్ని సైజులో అడగడం మరిచిపోయానని గుర్తొచ్చి, ఫోను తీసింది.